ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు యాక్టివిటీ ఎలా తయారు చేయాలి: నిమ్మకాయ షర్బత్‌తో 45 నిమిషాల సెషన్, మొదటి నుంచి చివరి దాకా

మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఆదివారం పూట పన్నెండు మంది పిల్లలతో కూర్చుంటాను. ఒకటో క్లాసు వాళ్లు, రెండో క్లాసు వాళ్లు, మూడో క్లాసు వాళ్లు, అందరూ కలిసే ఉంటారు. "అందరికీ ఒకటే పని ఇస్తే పెద్దవాళ్లు పది నిమిషాల్లో ముగించేసి అల్లరి మొదలుపెడతారు, చిన్నవాళ్లు రాలేదని ఏడుస్తారు, మీరెలా చేయిస్తారండీ" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి మొత్తం పద్ధతి ఒకచోట రాస్తున్నాను. వంద యాక్టివిటీల పేర్లు చెప్పను. ఒక్క షర్బత్ సెషన్‌నే తీసుకుని, అందులో ప్రతి అడుగు ఎందుకు అలా పెట్టామో చెబుతాను. ఆ ఎందుకు తెలిస్తే మట్టిబొమ్మలైనా, విత్తనాలు నాటడమైనా మీరే తయారు చేసుకోగలరు.

## 1. ముందు ఈ వయసులో ఏం మారుతోందో చూడండి

ఆరు, ఏడు, ఎనిమిది అని మూడు గళ్లు గీసి ప్రతి గడిలో ఒక యాక్టివిటీ రాసుకుంటే పని జరగదు. ఈ మూడేళ్లలో నాలుగు విషయాలు మారతాయి, నాలుగూ ఒకే వేగంతో మారవు.

మొదటిది ఆలోచన. స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే పిల్లల ఆలోచనను దశలుగా విడగొట్టాడు. సుమారు రెండేళ్ల నుంచి ఏడేళ్ల దాకా ఒక దశ, ఏడు నుంచి పదకొండు దాకా ఇంకో దశ. మొదటి దశలో కంటికి ఎలా కనిపిస్తే అదే నిజం. రెండో దశలో పిల్లలు మనసులోనే పనిని వెనక్కి తిప్పి చూసుకోగలరు, "మళ్లీ ఆ గ్లాసులోనే పోస్తే అంతే వస్తుంది కదా" అని అనగలరు. మన ఆరు–ఎనిమిదేళ్ల గుంపు సరిగ్గా ఈ రెండు దశల గట్టు మీద ఉంటుంది. అందుకే ఒకే క్లాసులో, ఒకే బెంచీ మీద గట్టుకు ఇటున్న పిల్లాడూ అటున్న పిల్లా పక్కపక్కనే కూర్చుంటారు.

ఇంకో సంగతి, గట్టు దాటడం ఒక్కసారిగా జరగదు. చింతపిక్కలు దగ్గరగా పేర్చినా దూరంగా పేర్చినా లెక్క మారదని ముందు తెలుస్తుంది. గ్లాసు మారితే నీళ్లు మారవని సుమారు ఏడేళ్లప్పుడు తెలుస్తుంది. మట్టిముద్దను పాములా సాగదీసినా బరువు మారదన్నది చాలామందికి తొమ్మిదీ పదేళ్లకు గానీ పట్టుబడదు. కాబట్టి "పిక్కలతో చేశాడు, నీళ్లతోనూ చేస్తాడులే" అని అనుకోకండి.

రెండోది జ్ఞాపకం. మనం నాలుగు మాటలు వరసగా చెబితే ఆరేళ్ల పిల్లలకు మొదటిదీ చివరిదీ మిగులుతాయి, ఒక్కోసారి చివరిదే మిగులుతుంది. మర్చిపోకుండా ఉండటానికి లోపల్లోపల అనుకుంటూ ఉండటమనే ఉపాయం ఏడేళ్ల ప్రాంతంలో సొంతంగా మొదలవుతుంది. పెదాలు కదుపుతూ "రెండు గ్లాసులు, రెండు గ్లాసులు" అనుకుంటూ బిందె దగ్గరికి వెళ్లే పిల్లను చూశారంటే ఆ ఉపాయం వచ్చేసిందని అర్థం.

మూడోది చేతులు. మణికట్టు ఎముకలు ఈ వయసులో ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు, వేళ్లలో బలం తక్కువ, త్వరగా అలసిపోతాయి. పిండడం, కత్తిరించడం, గళ్లలో చిన్నగా రాయడం లాంటివి ఐదారు నిమిషాలకు మించి ఒకే బిగిన పెడితే చెయ్యి నొప్పి అనకుండా "నాకు బోర్ కొడుతోంది" అంటారు. ఆ మాట విన్నప్పుడు నేను ముందు చేతుల వైపే చూస్తాను.

నాలుగోది, పక్కవాళ్లతో పోల్చుకోవడం. ఆరేళ్ల వాడికి తను చేసింది ఎలా ఉన్నా సూపరే. ఎనిమిదేళ్లకి వచ్చేసరికి తన పని చూసుకునే ముందు పక్క వాళ్ల పని చూస్తారు. ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సుమారు ఆరు నుంచి పన్నెండేళ్ల కాలాన్ని "నేను ఏదైనా చేయగలనా, నా చేతకాదా" అని పిల్లలు తేల్చుకునే కాలంగా చెప్పాడు. మన సెషన్‌కి దీని అర్థం రెండు మాటల్లో చెప్పొచ్చు. ప్రతి ఒక్కరి చేతిలో పూర్తయిన వస్తువు ఒకటి ఉండాలి. అందరి ముందూ ర్యాంకులు ఉండకూడదు.

## 2. వయసు అడగకండి, మూడు పనులు చేయించి చూడండి

కొత్త గుంపు అయితే మొదటి వారం ఆటల మధ్యలో ఈ మూడూ చేసేయండి. ఒక్కొక్కరికి మూడు నాలుగు నిమిషాలు చాలు. పరీక్ష అన్న మాట వాళ్ల చెవిన పడకూడదు.

నీళ్ల గ్లాసులు. ఒకేలా ఉన్న రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోయండి, సమానమేనని పిల్లల చేతే అనిపించండి, కావాలంటే ఒక చుక్క వాళ్లనే సర్దమనండి. తర్వాత ఒక గ్లాసు నీళ్లను వాళ్ల కళ్ల ముందే సన్నగా పొడుగ్గా ఉన్న గ్లాసులోకి వంపి, "ఇప్పుడు?" అని అడగండి. ఆ తర్వాత "ఎందుకు?" అనండి. ఒక్కసారే అడగాలి. అదే ప్రశ్న మళ్లీ అడిగితే, ముందు చెప్పింది తప్పేమో అందుకే ఆంటీ మళ్లీ అడుగుతోంది అనుకుని తెలిసిన పిల్లలు కూడా జవాబు మార్చేస్తారు. నేను చాన్నాళ్లు ఈ పొరపాటు చేశాను, దానివల్ల ఇద్దరు ముగ్గురిని నిజంగా ఉన్న మెట్టు కంటే కింద లెక్కేశాను. "పొడుగ్గా ఉంది కదా, అందుకే ఎక్కువ" అంటే గట్టుకి ఇటు. "అవే నీళ్లు కదా" లేదా "అది పొడుగు కానీ సన్నం" అంటే అటు. "ఎక్కువ... కాదు కాదు, అంతే" అంటూ గ్లాసు వైపూ మీ ముఖం వైపూ మార్చి మార్చి చూస్తే ఆ పిల్ల సరిగ్గా గట్టు మీద ఉంది. మన యాక్టివిటీ బాగా పనికొచ్చేది ఆ పిల్లకే.

మూడు మాటల పని. "ఎర్ర డబ్బా తెచ్చి చాప మీద పెట్టు, కిటికీ తలుపు వెయ్యి, తర్వాత వచ్చి నా పక్కన కూర్చో." ఎన్ని చేశారు, ఏ వరసలో చేశారు అన్నది చూసుకోండి. ఒక పిల్లాడు ప్రతిసారీ ముందు పక్కవాళ్లని చూసి తర్వాతే కదులుతుంటే, వెనక నుంచి పిలిస్తే తిరక్కపోతే, అది జ్ఞాపకం సంగతి కాకపోవచ్చు. ఒకసారి చెవి చూపించమని ఇంట్లోవాళ్లకి నెమ్మదిగా చెప్పండి.

ఓడిపోయే ఆట. గుప్పెట్లో చింతపిక్కలు పట్టుకుని సరా బేసా అని మూడు రౌండ్లు ఆడండి, ఒకసారైనా వాళ్లు ఓడేలా చూడండి. ఓడగానే రూలు మార్చేస్తున్నారా, మీరు రూలు మారిస్తే "అలా కాదు" అని గొడవ పెడుతున్నారా, ఇద్దరం ఒప్పుకుంటే మార్చుకోవచ్చు అంటున్నారా? ఆరేళ్ల వాళ్లు చాలామంది రూలు మార్చకూడదని గట్టిగా అంటూనే తాము మాత్రం మార్చేస్తుంటారు. అది మోసం కాదు, ఆ వయసు అంతే. ఏడెనిమిదేళ్లకి ఇద్దరికీ ఒకటే రూలు ఉండాలన్న పట్టుదల నిజంగా మొదలవుతుంది.

మూడు పనులయ్యాక ప్రతి పేరు పక్కన ఒకటో మెట్టు, రెండో మెట్టు, మూడో మెట్టు అని పెన్సిల్‌తో రాసుకోండి, ఏ మెట్టులో ఏం చేస్తారో కింద మూడో భాగంలో ఉంది. పెన్సిలే, పెన్ను వద్దు. రెండు నెలల్లో చాలావరకు చెరిపి రాయాల్సి వస్తుంది.

## 3. ఒకే పని, మూడు మెట్లు

మూడు వయసుల వాళ్లకి మూడు వేర్వేరు పనులు ఇవ్వకండి. చిన్నవాళ్లకి తెలిసిపోతుంది, తమది చిన్నపిల్లల పని అని. అందరిదీ షర్బతే, అందరిదీ అదే ట్రే. లోపల ఆలోచించాల్సింది మాత్రమే మారుతుంది.

ఒకటో మెట్టు వాళ్లు చేసేది కొలిచి పోయడం. కార్డు మీద మాటలు ఉండవు, బొమ్మలూ అంకెలే: రెండు గ్లాసుల బొమ్మ, నాలుగు చెంచాల బొమ్మ.

రెండో మెట్టు వాళ్లూ అదే కొలుస్తారు, కానీ కార్డు చదువుకుని చేస్తారు. ఇక్కడ మన తెలుగు వాళ్లకి ప్రత్యేకంగా ఒక చిక్కుంది. "నీళ్లు", "ఉప్పు", "గ్లాసు", "నిమ్మకాయ" అన్నింట్లోనూ వత్తులే, అన్నీ సరిగ్గా షర్బత్‌కి కావాల్సిన మాటలే. గుణింతాల దగ్గరున్న పిల్ల అక్కడే ఆగిపోతుంది, ఆగిపోతే ఆ పిల్లకి కొలవడం రాదని మనం పొరపాటు పడతాం. అందుకే "నీరు 2", "చెంచా 4" అని వత్తు లేని మాటలు వెతికి రాయండి, వత్తు తప్పని చోట బొమ్మ పక్కనే పెట్టండి. బయటి దేశాల్లో పెరుగుతూ తెలుగు మాట్లాడటమే వచ్చిన పిల్లలకైతే రెండో మెట్టులోనూ బొమ్మల కార్డే ఇచ్చి, పైకి చెప్పించండి.

మూడో మెట్టు వాళ్లు ఒక ప్రశ్న తీసుకుంటారు: "ఇద్దరికి నాలుగు చెంచాల పంచదార అయితే నలుగురికి ఎంత?" లేదా "మూడు కప్పుల్లో ఏది ఎక్కువ తీపో వరసలో పెట్టగలవా?" ఈ ప్రశ్నలు నోటితో మాత్రమే అడగకండి. ఎనిమిదేళ్ల పిల్లలు తర్కంగా ఆలోచించగలరు కానీ చేతిలో వస్తువు ఉన్నంతవరకే. కప్పులు ఎదురుగా ఉంటే ఇట్టే చెప్పే పిల్ల, "ఒకవేళ నీళ్లు సగమే పోసుంటే ఏమయ్యేది" అని ఊరికే గాలిలో అడిగితే దిక్కులు చూస్తుంది.

## 4. ముందు రోజు సిద్ధం చేసుకోవాల్సినవి

పన్నెండు మందిని ఆరు జతలు చేస్తాం. జతలో ఒక మెట్టు తేడా ఉన్నవాళ్లని కలపండి. ఒకటో మెట్టునీ మూడో మెట్టునీ కలిపితే పెద్దది మొత్తం చేసేస్తుంది, చిన్నది చూస్తూ కూర్చుంటుంది.

* నిమ్మకాయలు 8 (జతకి ఒకటి, రెండు అదనం). సగానికి కోసి తీసుకెళ్లండి, కత్తి హాల్లోకే రాకూడదు
* తాగే నీళ్లు 4 లీటర్లు, పంచదార పావు కిలో, కొంచెం ఉప్పు
* జతకి ఒక ట్రే, ఒక గిన్నె, ఒక టీస్పూను, టీ వడకట్టే జాలి ఒకటి
* ఒకే కొలత, ఒకే ఆకారం ఉన్న స్టీలు గ్లాసులు 12, సుమారు 200 మి.లీ. పట్టేవి
* రుచి చూడటానికి చిన్న కప్పులు జతకి మూడు
* ఐస్‌క్రీమ్ పుల్లలు 6, చింతపిక్కలు గుప్పెడు, చిన్న మూతలు జతకి రెండు
* బొమ్మల కార్డులు, మాటల కార్డులు, తడిగుడ్డలు, పాత పేపర్లు
* ఎవరికైనా పడని తిండి ఉందా అని ముందే ఇంట్లో అడిగిన జవాబులు

స్టీలు గ్లాసులన్నీ ఒకేలా ఉండాలని ఎందుకు పట్టుబడుతున్నానో చెప్పాలి. మొదటిసారి చేసినప్పుడు ఇంట్లో ఉన్న రకరకాల గ్లాసులు పట్టుకెళ్లాను. అందరికీ అదే కొలత, అదే గిన్నె, పంచింది కూడా నేనే. ఆరేళ్ల ఒక బాబు తన పొట్టి గ్లాసు వైపూ పక్క పాప పొడుగు గ్లాసు వైపూ చూసి, "ఆంటీ, తనకి ఎక్కువ పోశారు" అన్నాడు. సమానమేనని చెప్పాను. వినలేదు. పాప గ్లాసులోది వాడి గ్లాసు లాంటి దాంట్లోకి పోసి చూపించాను, సరిగ్గా అంచు దాకా వచ్చింది. "ఇప్పుడు సమానం" అని ఒప్పుకున్నాడు. మళ్లీ పొడుగు గ్లాసులో పోయగానే పెదవి వణికింది, "మళ్లీ ఎక్కువైంది" అన్నాడు. వాడు మొండికేయలేదు, వాడికి నిజంగానే అలా కనిపిస్తోంది. షర్బత్ ముట్టుకోకుండా ఇంటికి వెళ్లాడు. ఆ రోజు తప్పంతా నా గ్లాసులదే. పంచే చోట ఒకేలాంటివి వాడండి, ఆలోచింపజేయాలనుకున్న చోట కావాలని వేరేవి వాడండి. ఈ రెంటినీ కలిపేయకూడదు.

## 5. సెషన్ నడిచే వరస

0–5 నిమిషాలు: చేసి చూపించండి, మాట్లాడకండి. గుండ్రంగా కూర్చోబెట్టి మీ ట్రేలో మొదటి పని మాత్రమే చేయండి: నిమ్మచెక్కను రెండు చేతులతో జాలి మీద పిండటం. పంచదార, ఉప్పు గురించి ఇప్పుడు ఒక్క మాట కూడా వద్దు. "అర్థమైందా?" అని అడగొద్దు, అందరూ "ఆఁ" అంటారు. ఒకరిని పిలిచి "ముందు ఏం చేస్తావో చూపించు" అనండి.

5–12: పిండటం. ముందు వేళ్లు చూడండి, చిన్న గాయం ఉంటే నిమ్మరసం తగిలి మంట పుడుతుంది, అలాంటివాళ్లకి ప్లాస్టర్ వేసి జాలి పట్టుకునే పని ఇవ్వండి. కళ్లు రుద్దుకోవద్దని ఇప్పుడే చెప్పాలి. జతలో ఒకరు చెయ్యి, ఒకరు కన్ను. చెయ్యి పిండుతుంది, కన్ను గింజలు పడకుండా చూస్తుంది. రెండో చెక్కకి మారాలి. ఆరేళ్ల వాళ్లకి సగం రసమే వస్తుంది, పర్లేదు, మిగిలింది మీరు పిండి ఇవ్వకండి.

12–22: కొలవడం. సెషన్‌కి ప్రాణం ఇదే, ఇక్కడ తొందరపడకండి. ఇప్పుడు కార్డులు ఇవ్వండి. జతకి రెండు గ్లాసుల నీళ్లు, నాలుగు చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు.

పంచదార దగ్గరే అందరూ లెక్క తప్పుతారు. పోయాలి, లెక్క పెట్టాలి, పక్కవాడు ఏదో అంటాడు, మూడా నాలుగా? దీనికి చింతపిక్కలు వాడండి. ఎడమ మూతలో నాలుగు పిక్కలు పెట్టించండి. ఒక చెంచా గిన్నెలో పడగానే కన్నుగా ఉన్న పిల్ల ఒక పిక్కను కుడి మూతలోకి జరుపుతుంది. ఎడమ మూత ఖాళీ అయితే ఆపేయాలి. లెక్క బుర్రలో మోయాల్సిన పని లేదు, పిక్కలే మోస్తాయి. రెండో మెట్టు పిల్లలు నాలుగైదు వారాల్లో పిక్కలు పక్కన పెట్టేసి "నాకు గుర్తుంటుంది ఆంటీ" అంటారు, అప్పుడు తీసేయండి, అంతకుముందు మీరుగా తీయకండి.

ఇంకో గొడవ, చెంచా నిండా ఎంత అన్నది. ఒకరు గోపురంలా పోస్తారు, ఇంకొకరు సగమే. ఐస్‌క్రీమ్ పుల్లతో చెంచా పైన గీసి చదును చేయడం నేర్పండి. ఏడెనిమిదేళ్ల వాళ్లకి ఈ పుల్ల ఎంత నచ్చుతుందో చెప్పలేను, అందరికీ ఒకటే రూలు అన్నది వాళ్ల చేతికి దొరికినట్టు ఉంటుంది.

22–27: లేపండి. చేతులు కడుక్కోవడానికి హాలు చివరికి నడిపించండి, దారిలో పేపర్ల మీద గెంతించండి. వేళ్లకి విశ్రాంతి కావాలి, కాళ్లకి పని కావాలి.

27–37: రుచి, ఒక మార్పు. షర్బత్ రెండు స్టీలు గ్లాసుల్లో సమానంగా పోయించండి. సమానం చేసే పని పిల్లలదే, పక్కపక్కన పెట్టి కంటి ఎత్తులో వంగి చూడమనండి. ఒకటో మెట్టు పిల్ల ఉన్న జతలు తాగి, ఇంకేం కావాలో ఒక్కటి కలుపుకుంటారు. రెండో మెట్టు, మూడో మెట్టు పిల్లలు కలిసిన జతలు తాగే ముందే కొంచెం తీసి మూడు చిన్న కప్పుల్లో సమానంగా పోసి, ఒకదాంట్లో ఏమీ కలపకుండా, రెండోదాంట్లో పావు చెంచా, మూడోదాంట్లో అర చెంచా పంచదార కలుపుతారు. మీరు కప్పుల చోటు మార్చేయండి. రుచి చూసి తీపి తక్కువ నుంచి ఎక్కువ దాకా వరసలో పెట్టాలి.

ఇక్కడ ఏం చూడాలంటే, మూడిటిని వాళ్లు ఎలా వరసలో పెడుతున్నారు? రెండు కప్పులు తాగి ఇది ఎక్కువ అని పెట్టేసి, మూడోదాన్ని గుడ్డిగా చివర పెట్టేస్తే ఇంకా రెండో మెట్టే. మూడోదాన్ని రెంటితోనూ పోల్చి మధ్యలో దూర్చగలిగితే మూడో మెట్టు గట్టిగా పడిందన్నమాట. కొందరు పంచదారతో పాటు ఉప్పు కూడా కలిపేసి "ఇది బాగుంది" అంటారు. తప్పని చెప్పకండి. "దేనివల్ల బాగుందో మనకెలా తెలుస్తుంది?" అని అడిగి వదిలేయండి. ఒకసారి ఒక ఎనిమిదేళ్ల పాప రెండు నిమిషాలు ఊరుకుని, "అయ్యో, రెండూ వేసేశాం" అని తనే ఇంకో కప్పు తీసుకుంది.

37–45: చెప్పడం, సర్దడం. ప్రతి జతా ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది: "మీరు ఏం మార్చారు?" ఎవరిది బాగుందని ఓటింగ్ వద్దు. తర్వాత ట్రే ఎవరిది వాళ్లే తుడవాలి. తడిగుడ్డ పనికి ఐదు నిమిషాలు తప్పకుండా మిగల్చండి, తామే మొదలుపెట్టి తామే ముగించామన్నది వాళ్లకి తెలిసేది అక్కడే.

## 6. ఎక్కడ చెడిపోతుంది, ఎలా సర్దాలి

ఒక జత ఊరికే కూర్చుంది. ఊరికే కూర్చున్నా, అల్లరి చేస్తున్నా, సులువు అయిపోయిందో, కష్టమైందో చూడాలి, బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. "ఇప్పుడు ఏం చేస్తున్నారు?" అని అడగండి. పని పేరు చెప్పగలిగితే సులువైంది, తర్వాతి మెట్టు ప్రశ్న ఇవ్వండి. చెప్పలేకపోతే దారి తప్పారు, కార్డు మీద మొదటి బొమ్మ దగ్గర వేలు పెట్టి మళ్లీ మొదలుపెట్టించండి.

పెద్దపిల్ల మొత్తం చేసేస్తోంది. "తనకీ ఇవ్వమ్మా" అని నాలుగుసార్లు చెప్పడం వల్ల ఏమీ జరగదు. చెంచా ఎవరి చేతిలో ఉంటే వాళ్లే చెయ్యి, రెండో వాళ్లు ముట్టుకుంటే ఆ చెంచా మళ్లీ మొదటి నుంచి అన్న ఒక్క రూలు పెట్టండి. ఏడేళ్లు దాటిన పిల్లలు రూలు గౌరవిస్తారు, మన బతిమాలడాన్ని కాదు.

పారబోసుకున్నారు. ముందుగానే లెక్కలోకి తీసుకోండి. రెండు నిమ్మకాయలు, లీటరుకి పైగా నీళ్లు అదనంగా పెట్టమన్నది అందుకే. గిన్నె ఒలికితే తడిగుడ్డ వాళ్ల చేతికిచ్చి, సగం కొలతతో మళ్లీ చేయించండి. పక్క జతది పంచి ఇస్తే కడుపు నిండుతుంది గానీ తన చేత్తో చేసింది ఏమీ మిగలదు, ఆ పిల్ల ఆ రోజంతా ఒలికిందే గుర్తుపెట్టుకుంటుంది.

"మాది బాలేదు" అని మూడో క్లాసు పిల్ల ముఖం ముడుచుకుంది. "లేదు, చాలా బాగుంది" అనేస్తాం మనం. ఎనిమిదేళ్ల పిల్లకి అది అబద్ధమని తెలుసు. "ఏం తక్కువైంది, పులుపా తీపా?" అని అడగండి. పులుపు ఎక్కువ అంటే "అయితే ఏం కలుపుదాం?" ఆ మాటతో అది దిద్దుకోగలిగిన లెక్క అవుతుంది.

సహాయం చేసే పెద్దవాళ్లే సమస్య. చూడటానికి వచ్చిన తల్లి పిల్లాడి చేతిలోంచి నిమ్మచెక్క తీసుకుని పిండేస్తుంది, ప్రేమతోనే. వచ్చిన పెద్దలకి కూడా ఒక పని పెట్టండి, నీళ్లు నింపడమో పేపర్లు పరచడమో. చేతులు వెనక్కి కట్టుకుని నోటితో సహాయం చేయమని ముందే చెబితే చాలామంది వింటారు.

## 7. సెషన్ అయిన పది నిమిషాల్లో రాసుకోవాల్సినవి

ఇంటికెళ్లాక రాద్దాం అనుకుంటే మర్చిపోతాం. పేర్ల కాగితం మీదే, ఒక్కొక్కరికి ఒక్క ముక్క:

* పిక్కలు వాడారా, వాడకుండా లెక్క నిలిచిందా
* సమానంగా పోసేటప్పుడు ఏం అన్నారు (వాళ్ల మాటల్లోనే)
* చెయ్యి, కన్ను మారేటప్పుడు గొడవ అయిందా
* మూడు కప్పుల వరస ఎలా పెట్టారు
* ఎన్నో నిమిషంలో చెదిరారు

ఇదే పనిని రెండు వారాల తర్వాత ఒక్క మార్పుతో మళ్లీ చేయించండి. కొత్తదనం కోసం ప్రతివారం కొత్త యాక్టివిటీ వెతుక్కోవద్దు, ఈ వయసు పిల్లలకి తెలిసిన పనిని ఇంకా బాగా చేయడంలోనే సంతోషం ఎక్కువ. నేను రెండోసారి చేసినప్పుడు పంచడానికి ఒకేలాంటి స్టీలు గ్లాసులే పెట్టి, పొడుగు గ్లాసు ఒక్కటి మాత్రం నా ట్రేలో ఉంచుకుంటాను. అందరూ తాగేశాక, మిగిలిన నీళ్లతో, ఆడుకోవడానికి.

మొదటిసారి పెదవి వణికించిన ఆ బాబు అయిదు నెలల తర్వాత ఆ గ్లాసుని తనే తీసుకున్నాడు. నీళ్లు అందులో పోశాడు, మళ్లీ పొట్టిదాంట్లోకి వంపాడు, మళ్లీ పొడుగుదాంట్లోకి. ఏడెనిమిది సార్లు. నేనేమీ అడగలేదు. చివరికి పక్కనున్న చిన్న పాపతో, "చూడు, ఎక్కువున్నట్టు ఉంటది గానీ అవే నీళ్లు" అన్నాడు. నేను కాగితం తీసి వాడి పేరు పక్కన ఉన్న ఒకటిని చెరిపి రెండు వేశాను.